ఎక్కిన గేర్లోనే దిగాలి

అరకులో మా మొదటి రన్నింగ్ క్యాంపు మూడో రోజు పొద్దున నేను లాడ్జి మెట్లు వెనక్కి తిరిగి దిగాను. రెయిలింగు రెండు చేతులతో పట్టుకుని, చంటిపిల్లాడు మంచం దిగినట్టు, ఒక్కో మెట్టూ తడుముకుంటూ. కింద టీ తాగుతున్న వాచ్‌మన్ చూసి, "ఏం బాబూ, ఎక్కడైనా పడ్డారా?" అని అడిగాడు.

పడలేదు. ముందురోజు గాలికొండ దగ్గర కారు దిగి, అనంతగిరి మీదుగా ఘాట్ రోడ్డు వెంట 14 కిలోమీటర్లు కిందికి పరుగెత్తాం. కాఫీ తోటల నీడ, మంచు, చల్లగాలి. ఒక్కరికీ ఆయాసం లేదు. హైదరాబాద్‌లో ఎప్పుడూ చూడని పేస్ వాచీలో కనబడుతుంటే ఆరుగురం ఒకరినొకరు తరుముకున్నాం. సాయంత్రం కూడా బాగానే ఉన్నాం, నవ్వుకుంటూ బొంగు చికెన్ తిన్నాం. తెల్లారేసరికి తొడలు రాళ్లయ్యాయి. ఆ వారమంతా కలిపి నేను పరుగెత్తింది 37 కిలోమీటర్లు. ఇంటి దగ్గర ఏ హడావిడీ లేకుండా వారానికి 45 పరుగెత్తేవాణ్ణి. ఎక్కువ పరుగెత్తడానికి సెలవు పెట్టి, రైలెక్కి, డబ్బు ఖర్చు పెట్టుకుని వెళ్లి, తక్కువ పరుగెత్తి వచ్చానన్నమాట. మా గుంపులో అందరికన్నా చిన్నవాడి పరిస్థితి ఇంకా అన్యాయం. మోకాలి కింద ముందు ఎముకలో సన్నటి పగులుతో తిరిగొచ్చి రెండు నెలలు బూట్లు కట్టలేదు.

మరుసటి ఏడాది అదే ఊరు, అదే డిసెంబరు. ఈసారి 56 కిలోమీటర్లు పరుగెత్తి, మెట్లు మామూలుగా దిగి ఇంటికొచ్చాను. ఈ రెండు వారాల మధ్య తేడా ఏమిటన్నదే ఈ వ్యాసం. మారథాన్‌కు తయారవుతూ ఒక వారం కొండల్లోనో సముద్రం ఒడ్డునో గడిపి వద్దామనుకునేవాళ్లు ఇప్పుడు మన ఊళ్లలో బాగానే ఉన్నారు. వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందుగా, మొదటి ఏడాది మమ్మల్ని దెబ్బతీసింది దూరం కాదు, దిగుడు. కొండ ఎక్కేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటూ ఒంటిని పైకి నెడుతుంది. గుండె దడదడలాడుతుంది, ఊపిరి అందదు, నాలుగు నిమిషాల్లోనే ఒళ్లు "చాలు" అని చెప్పేస్తుంది. దిగేటప్పుడు పని తలకిందులవుతుంది. ప్రతి అడుగుకీ మోకాలు వంగుతూ ఉంటుంది, ఒంటి బరువంతా దాని మీద పడుతుంది, తొడ కండరం సాగుతూనే ఆ బరువును ఆపాలి. అంటే బ్రేకు పని. సాగుతూ బరువు మోసే కండరంలో సన్నటి పోగులు దెబ్బతింటాయి. గుండెకు మాత్రం ఇదేమీ పట్టదు, ఊపిరి తేలిగ్గానే ఆడుతుంది. అందుకే దిగుతున్నంతసేపూ హాయిగా ఉంటుంది. కండరం మొర మర్నాడు మొదలవుతుంది. 24 గంటల నుంచి 72 గంటల మధ్య అది పతాక స్థాయికి వెళుతుంది. మీ ఊపిరి మీకు చెప్పని సంగతిని మెట్లు రెండు రోజులు ఆలస్యంగా చెబుతాయి.

ఘాట్‌లో లారీ డ్రైవర్లను చూడండి. ఏ గేర్లో ఎక్కారో ఆ గేర్లోనే దిగుతారు. న్యూట్రల్‌లో వదిలేసి బ్రేకు మీద కాలు పెట్టి దిగితే బ్రేకులు కాలిపోతాయని వాళ్లకు తెలుసు. మేం ఆ రోజు న్యూట్రల్‌లో దిగాం.

ఇందులో మనకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. ఒకసారి కొద్దిగా దెబ్బతిని కోలుకున్న కండరం, తర్వాత కొన్ని వారాల పాటు అదే రకం పనికి అంతగా నొప్పి పడదు. టీకాలాంటిది. చిన్న మోతాదు ముందే ఇస్తే పెద్ద మోతాదుకు తట్టుకుంటుంది. రెండో ఏడాది మా పథకమంతా ఈ ఒక్క సూత్రం చుట్టూనే అల్లాం. అరకు వెళ్లడానికి నెల ముందు నుంచీ వారానికి రెండుసార్లు, మామూలు పరుగు చివర్లో, మా ఇంటి దగ్గరి ఫ్లైఓవర్ వాలు మీద నాలుగైదుసార్లు ఎక్కి దిగాం. తెల్లవారుజామున వాహనాలు లేనప్పుడు, ఫుట్‌పాత్ ఉన్న వైపు మాత్రమే. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు చుట్టూ పరుగెత్తేవాళ్లకు ఈ బాధ లేదు, అక్కడ ఎత్తుపల్లాలు ఎటూ తప్పవు. నెక్లెస్ రోడ్డు మీదే నెలలు గడిపేవాళ్లూ, విజయవాడ, కాకినాడ లాంటి చదును ఊళ్ల వాళ్లూ ఈ పని పెట్టుకుని తీరాలి.

ఇక లెక్కకొద్దాం. వారం క్యాంపులో ఎంత పెంచవచ్చు?

రన్నర్ల మధ్య పది శాతం సూత్రం ఒకటి తిరుగుతూ ఉంటుంది. ఏ వారమైనా అంతకు ముందు వారం కన్నా పది శాతానికి మించి పెంచకూడదని. వినడానికి బాగుంటుంది. 2008లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో కొత్తగా పరుగు మొదలుపెట్టిన ఐదు వందల మందికి పైగా మనుషుల మీద దీన్ని పరీక్షించి చూశారు. పది శాతం చొప్పున మెల్లగా పెంచుకున్నవాళ్లకూ, కాస్త త్వరగా పెంచుకున్నవాళ్లకూ గాయాలు దాదాపు సమానంగానే అయ్యాయి. 2025లో వెలువడిన మరో పెద్ద అధ్యయనం 5 వేలకు పైగా రన్నర్ల వాచీల లెక్కలు తీసుకుని వేరే చోట వేలు పెట్టింది. వారం మొత్తం పెరగడం కన్నా, ఏదో ఒక రోజు, గత 30 రోజుల్లో పరుగెత్తిన అతి పొడవైన పరుగును పది శాతం కన్నా మించి దాటడం దగ్గర గాయాలు ఎక్కువగా కనిపించాయి. ఇదే ఆఖరి మాట అని నేననను. కానీ క్యాంపు వేసుకునేవాడికి ఇది బాగా పనికొచ్చే మాట. వారంలో పరుగుల సంఖ్య పెంచండి, పొడవైన పరుగును మాత్రం పెంచకండి.

మా విషయంలో దాన్నిలా అన్వయించాం. అప్పటికి నేను వారానికి నాలుగు రోజులు, మొత్తం 45 కిలోమీటర్లు పరుగెత్తుతున్నాను. గత నెలలో అతి పొడవైనది 18. కాబట్టి అరకులో కూడా అతి పొడవైనది 18 దాటకూడదు. అదనమంతా చిన్న చిన్న పరుగులుగా రావాలి. మొత్తం 56 అనుకున్నాం. కిలోమీటర్లలో చూస్తే ఇది పావు వంతు పెంపు. కానీ కొండ దగ్గర కిలోమీటరు లెక్క మోసం చేస్తుంది. హైదరాబాద్‌లో నాకు కిలోమీటరుకు 6 నిమిషాల 40 సెకన్లు పడుతుంది, అంటే 45 కిలోమీటర్లకు 5 గంటలు. అరకు ఎత్తుపల్లాల మీద, మట్టి బాటల మీద సగటున ఏడున్నర నిమిషాలు పట్టింది. 56 కిలోమీటర్లకు 7 గంటలు. కాళ్ల మీద గడిపిన సమయం 40 శాతం పెరిగింది. ఒళ్లు లెక్కపెట్టేది దీన్నే. అందుకే క్యాంపు పథకం గంటల్లో రాసుకోవాలి. మామూలు వారం గంటలకు ఒకటిన్నర రెట్లు గీత. దాని లోపలే ఉండాలి. వారానికి 20 కిలోమీటర్లు పరుగెత్తేవాళ్లకు, పరుగు మొదలుపెట్టి ఏడాది నిండనివాళ్లకు ఈ క్యాంపు వద్దంటాను. హాయిగా అరకు వెళ్లండి, మూడు పొద్దులు అరగంట చొప్పున పరుగెత్తండి, మిగతా సమయం బొర్రా గుహలు చూడండి. మా చిన్నవాడు చేసిన తప్పు ఇదే. వారానికి 25 పరుగెత్తేవాడు మా వెంటబడి మా దూరాలు పరుగెత్తాడు.

క్యాంపుకు ముందు వారం తగ్గించుకోవాలి, 35కి. చాలామంది ఇక్కడ దారి తప్పుతారు. వెళ్లేముందు ఆఫీసు పని, ఇంటి పని అన్నీ ముగించాలని అర్ధరాత్రి దాకా కూర్చుని, ఉన్న పరుగులూ వదలకుండా, అలసిపోయి రైలెక్కుతారు. ఆ అలసట కొండ మీద కరగదు.

రెండో ఏడాది వారం ఎలా నడిచిందో చెబుతాను. శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లో రైలెక్కి పొద్దున విశాఖ చేరాం. అక్కడ కిరండూల్ రైలు పట్టుకుని, సొరంగాలు లెక్కపెట్టుకుంటూ మధ్యాహ్నానికి అరకు. రాత్రి రైలు ఆలస్యమైతే కొండ రైలు దొరకదు. ఒకసారి మాకు అలాగే జరిగి బస్సులో వెళ్లాం. ఆ సాయంత్రం 4 కిలోమీటర్లు, చదునుగా, కాళ్లు విదిలించుకోవడానికి మాత్రమే. రైల్లో మడిచిన కాళ్లతో మొదటి రోజే కొండ ఎక్కకూడదు.

ఆదివారం 10. లోయలోనే, చిన్న చిన్న ఎత్తుపల్లాలతో. ఇందులో కావాలని ఒక కిలోమీటరు మెల్లని దిగుడు పెట్టుకున్నాం. టీకాలో మొదటి చుక్క.

సోమవారం వారంలో కష్టమైన రోజు. సుంకరమెట్ట దాటాక గాలికొండ వైపు ఎక్కే రోడ్డు మీద 7 కిలోమీటర్లు, పైకి మాత్రమే. జీపు మాట్లాడుకుని, పైనుంచి అందులోనే దిగొచ్చాం. మొత్తం వారానికి మేం పెట్టిన ఖర్చులో ఆ జీపు కిరాయే అన్నిటికన్నా గిట్టుబాటు అంటాను. ఎక్కుడులో గుండెకు, ఊపిరితిత్తులకు దండిగా పని దొరుకుతుంది. అడుగు చిన్నదవుతుంది కాబట్టి నేల దెబ్బ తక్కువ, కండరం దెబ్బతినేదీ తక్కువ. లాభం ఎక్కుడులో ఉంది, ఖర్చు దిగుడులో ఉంది. రెంటినీ విడదీయగలిగితే అంతకన్నా ఏం కావాలి? జీపు డ్రైవరుకు మాత్రం మా వాలకం అర్థం కాలేదు. "ఎక్కేటప్పుడు ఖాళీ బండి, దిగేటప్పుడు నిండు బండా సార్?" అని నవ్వాడు. నిటారుగా ఉన్న మలుపుల దగ్గర నడిచాం. నడవడం నామోషీ కాదు. పక్కవాడితో ఒక పూర్తి వాక్యం ఆగకుండా చెప్పలేకపోతే నడకే సరైన గేరు. సాయంత్రం లోయలో 4 కిలోమీటర్లు, దాదాపు నడక వేగంతో.

మంగళవారం 8, పల్లెల మధ్య మట్టి బాటల మీద. నవంబరు, డిసెంబరుల్లో వలిసె చేలు పూస్తాయి. పసుప్పచ్చటి పూల మధ్య సన్నటి బాట. ఫొటోల కోసం అరగంట పోయింది, పోనీ అనుకున్నాం. మట్టి బాట మెత్తగా ఉంటుందని దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. తారు రోడ్డు మీద ప్రతి అడుగూ ఒకేలా పడుతుంది. ఇక్కడ గులకరాళ్లు, బండి జాడలు, మంచుకు తడిసిన గట్లు. చీలమండ ప్రతి అడుగుకీ కొత్తగా సర్దుకోవాలి. అక్కడి చిన్న కండరాలకు ఈ పని అలవాటుండదు. చూపు పాదాల మీద కాకుండా మూడు నాలుగు అడుగుల ముందు ఉండాలి, అడుగులు పొట్టివిగా, త్వరత్వరగా పడాలి. ఇదే రోజు రెండో చుక్క, 2 కిలోమీటర్ల దిగుడు. దిగేటప్పుడూ ఇదే పద్ధతి. పాదం ఒంటికి ముందుకు సాచకూడదు, మోకాలు బిగదీయకూడదు, వెనక్కి వాలకూడదు. వాచీలో పేస్ చూడనే కూడదు. మేం ఆ స్క్రీనునే మార్చేసి సమయం ఒక్కటే పెట్టుకున్నాం.

బుధవారం సున్నా. నిజంగా సున్నా. కాఫీ మ్యూజియం, పద్మాపురం గార్డెన్స్, మధ్యాహ్నం రెండు గంటల నిద్ర. ట్రెక్కింగు అన్న మాట వినబడితే కుదరదని ముందే ఒట్టు పెట్టుకున్నాం. మొదటి ఏడాది విశ్రాంతి రోజున కటికి జలపాతం చూద్దామని వెళ్లి, వంగిన తొడలతో రాళ్లూ గుట్టలూ ఎక్కి దిగాం. పరుగెత్తకపోతే విశ్రాంతి అనుకున్నాం, అంతే. సెలవుల్లో జరిగే పెద్ద మోసం ఇదే. చూడదగ్గ చోటల్లా నడక ఉంటుంది. ఆ నడక ఎవరి లెక్కలోకీ రాదు, కాళ్ల లెక్కలోకి తప్ప.

గురువారం 18. డుంబ్రిగూడ వైపు వెళ్లే రోడ్డు మీద, పైకీ కిందికీ ఊగుతూ. ఎక్కినచోటల్లా మళ్లీ దిగాలి కాబట్టి తప్పించుకునే వీలు లేదు, కానీ రెండు చుక్కలు పడిన తొడలు ఈసారి మాట విన్నాయి. శుక్రవారం పొద్దున 5 కిలోమీటర్ల కులాసా పరుగు, తర్వాత అరకు సంత. శనివారం తిరుగు ప్రయాణం.

ఈ వారం మొత్తంలో ఎక్కడా వేగపు పరుగు లేదని గమనించారా? ఇంటర్వెల్స్ లేవు, టెంపో లేదు. దూరం పెంచాం, నేల మార్చాం. రెండు కొత్త బరువులు ఒకేసారి మోస్తున్న కాళ్ల మీద మూడోది పెట్టడం అత్యాశ. ఆ వారం వేగం ఊసే ఎత్తకూడదు.

అలా అనుకున్నా గుంపులో వేగం తనంతట తనే పుడుతుంది. ఆరుగురు కలిసి మొదలుపెడితే రెండో కిలోమీటరుకు అందరూ ముందున్నవాడి పేస్‌లో ఉంటారు. మా చిన్నవాడు రెండో ఏడాది కూడా వచ్చాడు, ఈసారి తన పథకం తను రాసుకుని. ఆదివారం పొద్దున వెనకనుంచి, "అన్నా, ఇది ఈజీ రన్నే కదా? మరి నాకెందుకు ఆయాసం?" అని అరిచాడు. అందరం సిగ్గుపడ్డాం. దానికి మా బ్యాంకు మిత్రుడు ఒక ఉపాయం చెప్పాడు. దూరం కాకుండా సమయం పెట్టుకోవాలి. అందరూ ఒకే దారిలో బయలుదేరి, 35 నిమిషాలు కాగానే ఎక్కడున్నవాళ్లు అక్కడే వెనక్కి తిరగాలి. వేగంగా వెళ్లినవాడు దూరం వెళతాడు, మెల్లగా వెళ్లినవాడు దగ్గర్లో తిరుగుతాడు. వచ్చేటప్పుడు అందరూ ఇంచుమించు ఒకేసారి టీ కొట్టు దగ్గర కలుస్తారు. ఎవరూ ఎవరికోసం ఆగనక్కర్లేదు, ఎవరూ ఎవర్నీ తరమనక్కర్లేదు. ఆ చిన్నవాడు ఆ వారం 30 కిలోమీటర్లు పరుగెత్తి, ఏ నొప్పీ లేకుండా ఇంటికెళ్లాడు.

కోలుకోవడం గురించి పుస్తకాలకు పుస్తకాలున్నాయి. నాకు అందులో నిద్ర, తిండి తప్ప మిగతావన్నీ నంజుడు కిందే లెక్క. తిండి విషయంలో అరకులో వచ్చే చిక్కు ఏం తినాలన్నది కాదు, ఎప్పుడు దొరుకుతుందన్నది. ఆరున్నరకు బయలుదేరి ఎనిమిదికి తిరిగొస్తే లాడ్జిలో టిఫిను తొమ్మిదికి గానీ తయారవదు. పరుగెత్తొచ్చి గంటసేపు ఖాళీ కడుపుతో కూర్చుంటే సాయంత్రం పరుగుకు కాళ్లు లేవవు. ముందురోజు రాత్రే వంటామెకు చెప్పుకున్నాం. "అమ్మా, ఎనిమిదికల్లా ఏదైనా సరే పెట్టండి" అంటే, ఆవిడ చోడి అంబలి, ఉడికించిన గుడ్లు, అరటిపళ్లు పెట్టింది. చోళ్లంటే ఇక్కడ రాగులే. అంతకన్నా మంచి తిండి మాకు వారమంతా ఇంకెక్కడా దొరకలేదు. మధ్యాహ్నం అన్నం, పప్పు, పెరుగు. బొంగు చికెన్ వద్దని చెప్పను, అరకు వెళ్లి అది తినకుండా రావడం పాపం. కాకపోతే పొడవైన పరుగుకు ముందు రాత్రి కాదు, తర్వాత. నీళ్లు కాచినవో సీసావో. దోమతెర తప్పనిసరి. ఏజెన్సీలో మలేరియా కొత్త సంగతి కాదు. చలికాలం కదా అని ఊరుకోకండి.

ఒళ్లు ఎలా ఉందో తెలుసుకోవడానికి ఖరీదైన వాచీ అక్కర్లేదు. పొద్దున లేవగానే, మంచం దిగకముందే, నాడి ఒక నిమిషం లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. ఈ పని ఇంటి దగ్గరే వారం ముందు మొదలుపెట్టాలి, లేకపోతే పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. నాకు మామూలుగా 54. మంగళవారం 57, పట్టించుకోలేదు. బుధవారం 62. అందుకే ఆ రోజు సున్నా మీద ఎవరూ వాదించలేదు. గురువారం 56కు దిగింది, పొడవైన పరుగుకు వెళ్లాను. అదే ఎనిమిదీ పదీ ఎక్కువగానే ఉండిపోయి, రాత్రి నిద్ర పట్టక, తిండి సహించకపోతే ఆ 18 కాస్తా 8 అయ్యేది. నా తోటి ఒకాయన అలాగే సగంలో ఆపుకుని ఆటోలో తిరిగొచ్చాడు. గుంపులో అలా ఆపడానికి పరుగెత్తడం కన్నా ఎక్కువ ధైర్యం కావాలి.

నొప్పుల్లో కూడా రెండు రకాలున్నాయి, వాటిని కలిపేయకూడదు. తొడంతా, పిక్కంతా పరుచుకుని, రెండు కాళ్లకూ సమానంగా, మొదటి పది నిమిషాల్లో సడలే నొప్పి కండరానిది. దాంతో మెల్లగా పరుగెత్తవచ్చు. ఒక కాలికి మాత్రమే ఉండి, ఒక్క వేలితో చూపించగలిగే చోట, ఎముక మీద నొక్కితే చురుక్కుమని, పరుగెత్తేకొద్దీ పెరిగే నొప్పి వేరు. అది ఎముకది కావచ్చు. మా చిన్నవాడు మొదటి ఏడాది మూడు రోజులు వేలితో అదే చోటు చూపిస్తూ, నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తాడు. క్యాంపు సంచిలో ఇబుప్రొఫెన్ లాంటి మాత్రలు ఉండకపోవడమే మేలు. ప్రమాదం చెప్పే నోటిని అవి మూసేస్తాయి. పైగా చెమటోడ్చి నీరు తగ్గిన ఒంట్లో మూత్రపిండాలకు అవి మంచివి కావు. విపరీతమైన తొడనొప్పితో పాటు మూత్రం డికాషన్ రంగులో వస్తే ఇక క్యాంపు సంగతి మర్చిపోయి నేరుగా ఆస్పత్రికి వెళ్లాలి. దెబ్బతిన్న కండరం నుంచి వచ్చే పదార్థం మూత్రపిండాలను మూసేసే స్థితి అది. అరుదే, కానీ అలవాటు లేని పెద్ద దిగుళ్ల తర్వాత వచ్చే అవకాశం ఉంది.

బూట్లు రెండు జతలు. రెండూ పాతబడినవే. మంచుకు తడిసిన జతలో రాత్రి పాత దినపత్రిక ఉండలు చుట్టి కుక్కితే పొద్దుటికి చాలావరకు ఆరుతాయి. రోడ్డు మీద వాహనాలకు ఎదురుగా, కుడివైపున పరుగెత్తాలి. పొగమంచులో డ్రైవరుకు మీరు కనబడరు, ఒంటి మీద మెరిసే పట్టీ ఉండాలి. ఘాట్ మలుపుల్లో తెల్లారకముందు పరుగు వద్దే వద్దు.

అరకు వెళుతున్నామంటే చాలామంది, "ఎత్తు మీద పరుగెత్తితే రక్తం పెరుగుతుందటగా?" అని అడిగారు. కెన్యా రన్నర్లు ఇటెన్‌లో ఉండేది సుమారు 2,400 మీటర్ల ఎత్తులో. అరకు లోయ 900 మీటర్ల చిల్లర. ఆ ఎత్తు మీ రక్తానికి తెలియను కూడా తెలియదు. 2,200 మీటర్లు దాటిన ఊటీకి వెళ్లినా ఒక్క వారానికి ఎర్రకణాలేం పెరిగిపోవు, దానికి మూడు వారాలన్నా ఉండాలి. పైగా మొదటి రెండు మూడు రోజులు ఊపిరి అందక వేగం తగ్గించుకోవాలి. అరకు గొప్పదనం ఎత్తులో లేదు. డిసెంబరు పొద్దున పది డిగ్రీల చలిలో, చెమట పట్టకుండా గంటన్నర పరుగెత్తగలగడం, మధ్యాహ్నం ఆఫీసుకు పోకుండా పడుకోగలగడం, ఇవే అసలు లాభాలు.

ఆ లాభం కూడా క్యాంపు వారంలో చేతికి రాదు. ఇంటికొచ్చాక మొదటి మూడు రోజులు నేను బూట్లు ముట్టుకోలేదు, ఆ వారం మొత్తం 25 కిలోమీటర్లు, అన్నీ చదునుగా, మెల్లగా. సోమవారమే వేగపు పరుగుకు దిగిన మిత్రుడికి పిక్క పట్టేసింది. నాకు కాళ్లు తేలికపడింది పదకొండో రోజున. అదే నెక్లెస్ రోడ్డు, అదే ఊపిరి, కానీ కిలోమీటరుకు పది పన్నెండు సెకన్లు తక్కువ. అందుకే క్యాంపుకూ పోటీకీ మధ్య కనీసం నాలుగు వారాలుండాలి. జనవరి మూడో ఆదివారం ముంబై మారథాన్ పరుగెత్తేవాళ్లకు డిసెంబరు మొదటి రెండు వారాలు సరిగ్గా సరిపోతాయి.

ఇంకో కారణం కూడా ఉంది. క్రిస్మస్ దగ్గరపడితే అరకులో గది దొరకదు, ఘాట్ రోడ్డు నిండా కార్లే. వెళ్లేవాళ్లు డిసెంబరు 15 లోపు తిరిగొచ్చేలా చూసుకోండి. కిరండూల్ రైలుకు టికెట్లు ముందే తీసుకోండి. జీపు మాట్లాడుకునేటప్పుడు మాత్రం ఎక్కడానికి కాదు, దిగడానికని స్పష్టంగా చెప్పండి. లేకపోతే డ్రైవరు మిమ్మల్ని పైన దింపేసి వెళ్లిపోతాడు.